ఒక చిట్టా, నాలుగు దస్తూరీలు: ఎవరి రాతకు ఏ గుర్తు?

పాత లెక్కల పుస్తకాన్ని టైపు చేస్తే అక్షరాలన్నీ ఒకే ఫాంటులోకి వస్తాయి. కాగితం మీద ముగ్గురు నలుగురు రాసిన తేడా ఉంటుంది, కంప్యూటర్ మీద అది పోతుంది. అప్పు ఎవరు రాశారు, అంకె ఎవరు దిద్దారు, పక్కన ‘చెల్లు’ అని ఎవరు పెట్టారు అనే ప్రశ్నలకు అసలు పుస్తకంలో జవాబు ఉంటుంది గానీ, మన టైపు ప్రతిలో ఉండదు. అందుకే ఒక్కో దస్తూరికి ఒక్కో గుర్తు ఇచ్చి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఆ గుర్తే వాడతారు. వినడానికి సులువుగానే ఉంటుంది. కొన్ని పేజీల్లోనే అది ఎలా చెడుతుందో ఒక చిట్టా పట్టుకుని చూద్దాం.

చెన్నై జార్జిటౌన్‌లో తరాల కింద స్థిరపడిన ఒక తెలుగు వర్తక కుటుంబం ఇంట్లో ఉన్న రోజువారీ చిట్టా ఇది. సిద్ధార్థి, రౌద్రి సంవత్సరాలది, అంటే 1919 ఉగాది నుంచి 1921 ఉగాది లోపు. ఇంటివాళ్ల లెక్కలో ఇదంతా ‘తాతగారి చిట్టా’. పుస్తకం తెరిస్తే తాతగారు ఒక్కరే కాదని తెలిసిపోతుంది. ఒక పేజీలో ఖర్చు వైపు మూడు పద్దులు ఇలా ఉన్నాయి:

```
[H1] శెట్టిగారికి యిచ్చినది రూ ౪౦
[H2] వడ్డి రూ 3-8-0
[H1] కొట్టు బాడిగె రూ ౧౬
[H1] వెరశి రూ ౫౯-౮-౦
```

గుర్తులకు తెలుగు అక్షరం కాకుండా `H1`, `H2` అని ఎందుకు పెట్టామంటే, చిట్టాలో ఉన్న అక్షరాలతో, అంకెలతో అవి ఎక్కడా కలవకూడదు. చిట్టాలో ‘ద’ ఉంటుంది, ‘౨’ ఉంటుంది, ‘2’ కూడా ఉంటుంది. చదరపు బ్రాకెట్లో `H2` మాత్రం పుస్తకం రాసినవాళ్లెవరూ రాసి ఉండరు. కాబట్టి ఏది పుస్తకంలోది, ఏది మనం పెట్టింది అన్న అనుమానం రాదు.

గుర్తుకు ‘తాత’, ‘గుమాస్తా’ అని పేర్లు పెట్టకపోవడానికి వేరే కారణం ఉంది. దస్తూరి అనేది కంటికి కనిపించే విషయం. అది ఫలానా మనిషిది అనడం మనం తేల్చుకోవలసిన విషయం. మొదటి పేజీ చూడగానే ‘తాత’ అని గుర్తు పెట్టేస్తే, ఆ తర్వాత ప్రతి పేజీలోనూ మన ఊహే సాక్ష్యంలా కూర్చుంటుంది. రేపు తాతగారు రాసిన పోస్టుకార్డు ఒకటి దొరికి, అందులో దస్తూరి `H2`తో కలిసిందనుకుందాం. అప్పుడు పట్టికలో ఒక్క వరస మారిస్తే సరిపోతుంది. పేర్లతో గుర్తులు పెట్టి ఉంటే పుస్తకమంతా దిద్దాలి. పోల్చడానికి సంతకాలు పెద్దగా పనికిరావని కూడా ఇక్కడే చెప్పాలి. సంతకం చేసే చెయ్యి, లెక్క రాసే చెయ్యి ఒకటే అయినా రాత ఒకలా ఉండదు. పోల్చాలంటే ఆ మనిషి తొందరలో రాసిన మామూలు వాక్యాలు నాలుగైనా కావాలి.

ఇంతకూ `H1`, `H2` వేరు వేరని ఎలా చెప్పాం? అక్షరాలు వాలి ఉన్నాయా, పెద్దవా చిన్నవా అన్నది చూడకూడదు. తొందరలో ఉంటే, గట్టు మీద కూర్చుని రాస్తే, ఎవరి రాతైనా వాలుతుంది. చూడవలసింది రాసేవాడికి కూడా తెలియకుండా పడే అలవాట్లు. `H1` తలకట్టును కలం ఎత్తకుండా అక్షరంతో కలిపి లాగేస్తాడు. `H2` అక్షరం పూర్తి చేసి, కలం ఎత్తి, తలకట్టు విడిగా పెడతాడు. అది తరచూ కొంచెం కుడివైపు జరిగి పడుతుంది. `H1` పాత పద్ధతిలో వలపలగిలక వాడతాడు. ‘ఖర్చు’ అన్న మాటలో రేఫను ముందు రాయడు, ‘చు’ తర్వాత తొమ్మిది అంకెలాంటి గుర్తు పెడతాడు. `H2` మనం ఇప్పుడు రాసినట్టే రాస్తాడు. `H1` అంకెలు తెలుగువి, మాటల మధ్య ఖాళీ దాదాపు ఉండదు. `H2` అంకెలు ఇంగ్లీషు బడిలో నేర్చినవి.

వీటిలో అన్నీ ఒకే బరువు మోయవు. నా దృష్టిలో తలకట్టు, వలపలగిలక లాంటి గీతల అలవాట్లే మొదటి సాక్ష్యం. ‘అన్న’ను ‘అంన’ అని, ‘ఇచ్చినది’ని ‘యిచ్చినది’ అని రాయడం రెండో తరగతి సాక్ష్యం. ఎందుకంటే ఎదురుగా ఉన్న కాగితం చూసి ఎత్తిరాసేవాడు దాంట్లోని వర్ణక్రమాన్ని కూడా ఎత్తిరాస్తాడు. ఎవరో చెబుతుంటే రాసేవాడు చెప్పేవాడి మాటలనే రాస్తాడు. చిట్టాలో ‘నేను ఇచ్చితిని’ అని ఉన్నంత మాత్రాన ఆ ‘నేను’ కలం పట్టినవాడు కానక్కర్లేదు. మనం గుర్తు పెట్టేది కలం పట్టిన చేతికి మాత్రమే.

ఈ తేడా దస్తావేజుల్లో ఇంకా బాగా తెలుస్తుంది. చదువురాని మనిషి భూమి అమ్మితే, కాగితం అడుగున అతని పేరు పక్కన వేలిముద్రో, ఒక గీతో ఉంటుంది. ‘ఫలానావాడి నిశాని’ అన్న అక్షరాలు మాత్రం దస్తావేజు రాసిన లేఖరివి. పేరు చూసి దానికి కొత్త దస్తూరి గుర్తు ఇస్తే, అక్షరమ్ముక్క రానివాడికి ఒక దస్తూరిని అంటగట్టినట్టే. అదే కాగితం వెనక రిజిస్ట్రారు ఆఫీసు ఎండార్స్‌మెంటు ఉంటుంది, అది నిజంగానే వేరే చెయ్యి. కొన్నిచోట్ల అచ్చు వేసిన ఫారం, అందులో ఖాళీలు మాత్రం చేత్తో నింపినవి. అచ్చు భాగానికి దస్తూరి గుర్తు ఉండదు, అది అచ్చు అని వేరుగా చెప్పాలి.

మళ్లీ చిట్టాకి వద్దాం. ముప్పయ్యో పేజీ దాటాక ఇంకు మాయమై, రాత ఊదా రంగులోకి మారింది. నాతో పాటు టైపు చేస్తున్న అమ్మాయి అక్కడ `H4` అని పెట్టింది. “అన్నా, రంగు మారింది, సన్నం లావు కూడా లేదు, మనిషి మారినట్టే కదా?” అంది. మామూలుగా అందరికీ తట్టేదే అది. ఆ రోజుల్లో కాపీయింగ్ పెన్సిలు వాడుక బాగా ఉండేది. పొడిగా రాస్తే బూడిద రంగులో, తడి తగిలితే ఊదాగా కనిపిస్తుంది. పాళీతో రాస్తే ఒత్తిన చోట గీత లావు, తేలిక చేసిన చోట సన్నం. పెన్సిలుకు ఆ తేడా అంతగా ఉండదు. కాబట్టి గీత లావును పోల్చి లాభం లేదు, గీత ఏ దారిన పోయిందో చూడాలి. ఎక్కడ మొదలైంది, కలం ఎక్కడ లేచింది, ఏది ముందు ఏది తర్వాత. ఊదా పేజీల్లో తలకట్టు విడిగానే ఉంది, కుడికే జరిగి ఉంది. అంకెలూ ఇంగ్లీషువే. అది `H2`నే, చేతిలో సాధనం మారిందంతే.

అయినా ఆ అమ్మాయి చేసింది సరైన పనే అంటాను. అనుమానం ఉన్నప్పుడు కొత్త గుర్తు ఇవ్వడమే మంచిది. రెండు గుర్తులు ఒకే చేతివని తేలితే `[H4]` ఉన్న చోటల్లా `[H2]` అని ఒక్క దెబ్బలో మార్చవచ్చు. ఇద్దరి రాతను ఒకే గుర్తు కింద కలిపేస్తే మాత్రం విడదీయడానికి ఏ కమాండూ పనికిరాదు, అసలు పుస్తకం మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. మార్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. బ్రాకెట్లతో సహా వెతకాలి, లేకపోతే `H1` మార్చబోయి `H10`, `H12`లను కూడా పాడు చేస్తాం. రెండోది, ఖాళీ అయిన `H4`ను ఇంకెవరికీ ఇవ్వకూడదు. పాత నోట్సులో, ఎవరికో పంపిన పేజీలో `H4` అని మిగిలే ఉంటుంది. అదే అంకె కొత్త మనిషికి ఇస్తే ఏ `H4` ఎవరో ఎవరూ చెప్పలేరు. పట్టికలో ‘H4: H2లో కలిపాం’ అని రాసి వదిలేస్తాం. అంకెల మధ్య ఖాళీ ఉంటే చూడ్డానికి బాగోదని వరస నంబర్లు మళ్లీ వేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

పట్టిక అన్నాను కదా, దస్తూరి పట్టిక లేకుండా ఇద్దరు కలిసి పని చేయడం కుదరదు. ఒక్కో దస్తూరికి అందులో ఉండాల్సింది కొంచెమే: అది మొదట కనిపించిన పేజీ, వరస, దాన్ని పట్టించే రెండు మూడు అక్షరాల ఫొటో ముక్కలు, వాడిన సాధనం, ఎవరిదై ఉండొచ్చు అన్న ఊహ, దానికి ఆధారం. ఫొటో ముక్కలు పేజీ మధ్య వరసల నుంచి తీయాలి. మొదటి వరసలో ఎవరైనా కుదురుగానే రాస్తారు, చివరి వరసలో చోటు చాలక ఇరుకుతారు. ‘గుండ్రటి రాత’, ‘నీటైన రాత’ లాంటి మాటలు పట్టికలో దండగ. ఇద్దరు చదివితే రెండు రకాలుగా అర్థమవుతాయి. ‘తలకట్టు విడిగా, కుడికి జరిగి’ అంటే ఎవరు చూసినా ఒకటే చూస్తారు.

ఇక గుర్తు ఎంతవరకు వర్తిస్తుంది అన్నది. `[H2]` అని పెట్టాం, ఎక్కడ ఆగుతుంది? మా నియమం ఏమిటంటే తర్వాతి గుర్తు వచ్చే దాకా అదే నడుస్తుంది. ఈ నియమంలో అసలు ప్రమాదం పేజీ మార్జిన్లలో ఉంది. శెట్టిగారి పద్దు పక్కన ఎవరో చిన్నగా ‘చెల్లు’ అని రాశారు, మా లెక్కలో అది `H3`. దాని దగ్గర `[H3]` పెట్టి, తిరిగి `[H1]` పెట్టడం మరిచిపోతే, ఆ కింద ఉన్న చిట్టా అంతా `H3` ఖాతాలో పడుతుంది. టైపు చేసేవాళ్లకు అది కనిపించదు, ఎందుకంటే వాళ్ల కళ్ల ముందు అసలు పేజీ ఉంటుంది. ఆరు నెలల తర్వాత టైపు ప్రతి మాత్రమే చదివేవాడు మోసపోతాడు.

పాత రాతప్రతులను కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్లు వాడే టీఈఐ అనే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో ఈ రెంటినీ వేరు చేశారు. నడుస్తున్న రాతలో చెయ్యి మారితే `handShift`. అది తర్వాతి `handShift` దాకా అమల్లో ఉంటుంది. పక్కన చేర్చిన మాటకు, కొట్టివేతకు దానికదే `hand` అని తగిలిస్తారు. దాని ప్రభావం ఆ ముక్కతోనే ఆగుతుంది, నడుస్తున్న చేతిని కదపదు.

```xml
<handShift new="#H1"/>శెట్టిగారికి యిచ్చినది రూ
౪<subst><del hand="#HX">౦</del><add hand="#HX">౫</add></subst>
<add place="margin" hand="#H3">చెల్లు</add>
<handShift new="#H2"/>వడ్డి రూ 3-8-0
<handShift new="#H1"/>కొట్టు బాడిగె రూ ౧౬
```

`H1`, `H2` వివరాలు పైన హెడర్లో `handNote` కింద ఒక్కసారే ఉంటాయి. మన దస్తూరి పట్టిక అక్కడికి చేరుతుంది. ఎక్స్‌ఎంఎల్ వద్దనుకుని మామూలు టెక్స్టు ఫైల్లో పని చేసేవాళ్లు కూడా ఇదే ఆలోచన పాటించవచ్చు: పక్కరాతకు తెరిచే గుర్తు, మూసే గుర్తు రెండూ పెట్టుకోవాలి. ఇంకొకటి, ప్రతి పేజీ మొదట్లో నడుస్తున్న గుర్తును మళ్లీ రాయాలి, చెయ్యి మారకపోయినా సరే. పేజీకొక ఫైలుగా పంచుకుని పని చేస్తే, వెనక పేజీలో పెట్టిన గుర్తు ఈ పేజీ ఫైల్లో ఉండదు.

పైన ఇచ్చిన ముక్కలో `HX` చూసే ఉంటారు. శెట్టిగారికిచ్చిన ౪౦లోని సున్నా మీద ఎవరో అయిదు దిద్దారు. ఆ దిద్దిన చెయ్యి ఎవరిది? ఒక్క అంకె చూసి, అదీ ఇంకో అంకె మీద ఎక్కించి రాసింది చూసి, తేల్చలేం. తెలుగు అంకె కాబట్టి `H2` కాకపోవచ్చు అనిపిస్తుంది. కానీ పక్కన తెలుగు అంకె ఉన్నప్పుడు దాన్ని దిద్దేవాడు కూడా తెలుగు అంకెతోనే దిద్దుతాడు కదా. అందుకని ‘తెలియని చెయ్యి’ అని ఒక గుర్తు ముందే పెట్టుకోవాలి. అది లేకపోతే తెలియనివన్నీ అలవాటుగా `H1` కింద చేరిపోతాయి. గీత పెట్టి కొట్టేసిన చోట్ల కూడా ఇంతే, అడ్డగీతకు దస్తూరి ఏముంటుంది? అయితే `HX` అంటే ఒక మనిషి కాదన్నది పట్టికలో స్పష్టంగా రాయాలి. పది చోట్ల `HX` ఉంటే పది వేర్వేరు చేతులు కావచ్చు, ఒక్కటే కావచ్చు.

చెయ్యి తెలియకపోయినా, ఎప్పుడు దిద్దారో కొంత చెప్పవచ్చు. పేజీ అడుగున `H1` వేసిన వెరశి చూడండి: ౫౯-౮-౦. నలభై, మూడున్నర, పదహారు కూడితే యాభై తొమ్మిదిన్నర, అంటే యాభై తొమ్మిది రూపాయల ఎనిమిది అణాలు. లెక్క సరిపోయింది. దిద్దిన తర్వాతి నలభై అయిదుతో కూడితే అరవై నాలుగు రూపాయల ఎనిమిది అణాలు కావాలి. కాబట్టి వెరశి వేసే నాటికి అక్కడ నలభయ్యే ఉంది, దిద్దుబాటు ఆ తర్వాతది. ఇంకో సంగతి కూడా తెలిసింది. `H2` రాసిన వడ్డి పద్దు వరసల మధ్య ఇరికించినట్టు ఉన్నా, అది వెరశిలో చేరింది. అంటే `H1` కూడిక వేసేముందే `H2` ఆ వరస రాశాడు. ఇద్దరూ ఒకే కాలంలో ఆ కొట్లో లెక్క రాసినవాళ్లే. గుర్తులు పెట్టకుండా టైపు చేసి ఉంటే ఈ పేజీ కూడిక తప్పిన పేజీలా కనిపించేది. తాతగారు లెక్కలో పొరబడ్డారని ఎవరో ఒక ఫుట్‌నోటు కూడా రాసేవారు.

పని సగంలో ఉన్నప్పుడు ఒకసారి, అయిపోయాక ఒకసారి, గుర్తులన్నీ లెక్క చూసుకోవాలి. పేజీలు టెక్స్టు ఫైళ్లుగా ఉంటే ఒక్క కమాండు చాలు:

```
grep -ohi '\[h[^]]*\]' *.txt | sort | uniq -c
```

ఇది ఏ గుర్తు ఎన్నిసార్లు వచ్చిందో చూపిస్తుంది. జాబితాలో `[H2 ]` అని ఖాళీతో ఒకటి, `[h2]` అని చిన్నక్షరంతో ఒకటి, `[H3?]` అని రెండు మూడు బయటపడతాయి. మొదటి రెండూ టైపింగ్ పొరపాట్లు, దిద్దేయవచ్చు. ప్రశ్నార్థకం సంగతి వేరు. అనుమానాన్ని గుర్తులోనే కలిపితే `[H3]` కోసం వెతికినప్పుడు ఆ చోట్లు దొరకవు. గుర్తు `[H3]` గానే ఉంచి, అనుమానాన్ని పక్కన వ్యాఖ్యగా రాయాలి. అయితే ఈ కమాండు పట్టేది గుర్తు స్పెల్లింగ్‌ను మాత్రమే. సరైన స్పెల్లింగుతో తప్పు చేతికి వేసిన గుర్తును పట్టుకోవాలంటే మనిషే చూడాలి. దానికి మేం చేసేది ఇది: `H2` అని ఉన్న చోట్ల ఫొటోలన్నీ పేజీ వరసలో కాకుండా, ఒకదాని కింద ఒకటి పేర్చి చూస్తాం. పేజీ వెంట చదివేటప్పుడు కన్ను అర్థం వెంట పోతుంది. ఇలా పేర్చితే వేరే చెయ్యి ఇట్టే బయటపడుతుంది. ఈ చూపు ఆ పేజీలు టైపు చేయని మనిషిది అయితే ఇంకా మంచిది.

చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్న కాగితపు ప్రతుల్లాంటి వాటికి పోయినప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. కాలిన్ మెకంజీ కాలంలో ఊరూరా సేకరించిన కైఫీయతులు అనే గ్రామ చరిత్రలు గానీ, సి.పి. బ్రౌన్ పండితులను పెట్టి రాయించిన ప్రతులు గానీ చాలావరకు ఎత్తిరాసినవి. మూలంలో కరణం ఒకచోట, ఇంకొకరు ఇంకోచోట రాసి ఉండవచ్చు, ప్రతి రాసిన లేఖకుడు అదంతా తన ఒక్క దస్తూరిలోకి దించేశాడు. శైలి మారిందని అక్కడ కొత్త దస్తూరి గుర్తు పెట్టకూడదు, కాగితం మీద చెయ్యి మారలేదు కాబట్టి. మూలంలో గొంతు మారిందని తోస్తే దాన్ని వేరే వ్యాఖ్యగా చెప్పుకోవచ్చు.

మా చిట్టాలో తేలనిది `H5`. రౌద్రి సంవత్సరం చివరి పేజీల్లో ఒక వణికే రాత వస్తుంది. తలకట్టు `H1` లాగే కలిపి లాగినది, వలపలగిలక కూడా ఉంది. ఇంటివాళ్లు చూడగానే “తాతగారికి అప్పటికి ఒంట్లో బాగుండేది కాదు, ఆయనే” అన్నారు. కావచ్చు. కానీ అంకెలు మాత్రం ఇంగ్లీషువి, `H1` రెండేళ్లలో ఒక్కసారి కూడా అలా రాయలేదు. జబ్బు చేస్తే చెయ్యి వణుకుతుంది గానీ, అంకెల లిపి ఎందుకు మారుతుంది? అదే బళ్లో, అదే పంతులు దగ్గర చదివిన తమ్ముడో, పాత గుమాస్తానో అయినా తలకట్టు అలాగే లాగుతాడు. అందుకని `H5`ను విడిగానే ఉంచాం. పట్టికలో దాని ఎదురుగా ఇలా రాశాం: ‘H1 కావచ్చు. అనుకూలం: కలిపిన తలకట్టు, వలపలగిలక. ప్రతికూలం: అంకెలు. కావలసింది: 1921 తర్వాత తాతగారు స్వయంగా రాసిన ఉత్తరం ఏదైనా.’ అలాంటిది దొరికితే పట్టికలో ఒక వరస, ఫైళ్లలో ఒక మార్పు. దొరకకపోతే `H5` అలాగే ఉంటుంది.